దుబాయ్ అగ్రిమెంటులో జీతం ఎంత, సెలవు ఎంత: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

దుబాయ్ కంపెనీ వీసా వచ్చిందని ఎవరైనా కాగితం పట్టుకొస్తే నేను ముందు జీతం గడి దగ్గరే ఆగుతాను. ఏజెంటు "1500 దిర్హమ్‌లు" అని చెప్పి ఉంటాడు. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ అరబీలో అక్కడ రెండు అంకెలు ఉంటాయి. "అజ్ర్ అసాసీ" అంటే మూల జీతం. "బదల్" అని మొదలయ్యేవి అలవెన్సులు. "బదల్ సకన్" అంటే గది అద్దె కింద ఇచ్చేది. మూలం 800, అలవెన్సులు 700 అని రాసినా మొత్తం 1500యే.

తేడా ఇంటికి వచ్చేటప్పుడు తెలుస్తుంది. యూఏఈ చట్టం ప్రకారం ఏడాది దాటిన వాళ్లకు, మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూల జీతం గ్రాట్యుటీగా రావాలి. రెండేళ్లు చేస్తే 42 రోజులు. నెలను 30 రోజులుగా లెక్కేస్తే 800 మీద 1120 దిర్హమ్‌లు వస్తాయి, 1500 అంతా మూల జీతమే అయితే 2100. ఓటీ లెక్క కూడా మూల జీతం మీదే: గంటకు పడే దానికి కనీసం పావు వంతు కలుపుతారు. అందుకే "మొత్తం ఎంత" అని కాదు, "అసాసీ ఎంత" అని అడగండి.

అంకెలు అరబీలో ఉంటే మరీ జాగ్రత్త. వాళ్ల ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, వాళ్ల సున్నా ఒట్టి చుక్క.

ఇక సెలవు. "ఇజాజా సనవియా" అంటే ఏడాది సెలవు. ఏడాది నిండితే జీతంతో 30 రోజులు. ఆరు నెలలు దాటి ఏడాది నిండకపోతే నెలకు రెండు రోజులు. ఎప్పుడు వెళ్లాలో కంపెనీయే పని చూసుకొని చెప్పవచ్చు. కానీ "రెండేళ్లకు ఒకసారే ఛుట్టీ" అంటే మొదటి ఏడాది సెలవు పోయినట్టు కాదు. అది తర్వాతి ఏడాదికి కలుస్తుందా, డబ్బుగా ఇస్తారా అన్నది రాయించుకోండి. ఉద్యోగం వదిలేటప్పుడు మిగిలిన సెలవుకు ఇచ్చే డబ్బు కూడా మూల జీతం మీదే.

విమానం టికెట్ దగ్గర చాలామంది పొరబడతారు. ఏటా సెలవుకు టికెట్ కొనివ్వాలని చట్టంలో లేదు. "తద్కరా" అన్న మాట అగ్రిమెంటులో ఉంటేనే అడగగలరు. నోటి మాట నిలవదు.

పక్కనే ఇంగ్లీషు ఉంది కదా అనుకోవద్దు, రెండింటికీ పొంతన లేకపోతే అరబీదే చెల్లుతుంది. ఆఫర్ లెటర్, తర్వాత వచ్చే అగ్రిమెంటు రెండూ పక్కపక్కన పెట్టి అసాసీ అంకె ఒకటేనా అని చూడండి. రెంటినీ ఫోటో తీసి ఇంట్లో వాళ్ల ఫోన్‌కు పంపండి. ఇళ్లల్లో పనికి, ఇంటి డ్రైవర్‌గా వెళ్లేవాళ్లకు మాత్రం చట్టం వేరు, ఈ లెక్కలు వాళ్లకు వర్తించవు.