ఇంటి లెక్కలు, 3వ పాఠం: చింతపిక్కలతో పదికి జోడీలు

గత పాఠంలో ఐదు వరకు ఉన్న పిక్కలను లెక్కపెట్టకుండా, చూడగానే ఎన్నో చెప్పడం సాధన చేయించాము. ఈ పాఠంలో ఆ ఐదును ఆసరాగా చేసుకుని పదికి వెళ్తాము. కలిపితే పది అయ్యే రెండు సంఖ్యలను పదికి జోడీ అందాము. 3, 7 అన్నా 7, 3 అన్నా ఒకటే జోడీగా తీసుకుంటే మొత్తం ఆరు జోడీలే ఉన్నాయి: 0, 10; 1, 9; 2, 8; 3, 7; 4, 6; 5, 5. ఈ ఆరూ తడుముకోకుండా రావాలి. వచ్చే పాఠంలో 8కి 5 కలపవలసి వచ్చినప్పుడు పిల్ల ఆ 5లో నుంచి 2 తీసి 8కి ఇచ్చి, పది చేసి, మిగిలిన 3ను పక్కన పెట్టి పదమూడు అనాలి. 8కి జోడీ 2 అని అప్పటికప్పుడు తట్టకపోతే, ఆ పద్ధతికన్నా వేళ్ళు లెక్కపెట్టుకోవడమే ఆమెకు తేలికగా ఉంటుంది. మన పర్లాకిమిడి పిల్లలు బడిలో పదమూడును ఒడియాలో 'తేర' అంటారు. తెలుగు మాటలో పది, మూడు రెండూ విడివిడిగా వినబడతాయి కనుక, ఇంట్లో ఈ పని తెలుగులో మొదలుపెట్టడమే నాకు మేలనిపిస్తుంది.

ముందుగా సరంజామా. ఒకవైపు ఎరుపు, మరొకవైపు పసుపు ఉండే ప్లాస్టిక్ బిళ్ళలను ఈ పాఠానికి వాడుతూ ఉంటారు. అవి దొరకకపోతే వెదకనక్కరలేదు. అష్టాచమ్మా ఆడిన ఇంట్లో అంతకన్నా మంచి వస్తువే ఉంటుంది. చింతపిక్కను గరుకు బండమీద ఒకవైపు అరగదీస్తే ఆ వైపు తెల్లగా తేలుతుంది, రెండవ వైపు గోధుమరంగులోనే ఉంటుంది. అలాంటివి పన్నెండు చేసుకోండి. పది ఆటకు, రెండు పోతే ఉండడానికి. అరగదీసిన వైపు చదునుగా లేకపోతే పిక్క గడిలో నిలవక దొర్లుతుంది కాబట్టి కాస్త ఎక్కువగానే అరగదీయాలి. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే పాఠం అయిన వెంటనే పిక్కలను డబ్బాలో పెట్టేయాలి, వాళ్ళు ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు.

తరువాత పదిగళ్ళ చట్రం. పాత క్యాలెండరు అట్ట వెనుక 20 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం గీసి, మధ్యలో ఒక అడ్డగీత, నాలుగు నిలువుగీతలు గీయండి. పైన ఐదు, కింద ఐదు గళ్ళు వస్తాయి. ఒక్కొక్క గడి 4 సెంటీమీటర్లు. అడ్డగీతను మిగిలినవాటికన్నా మందంగా గీయడం ముఖ్యం. పెద్దవాళ్ళకైనా నాలుగైదుకు మించిన వస్తువులను ఒక్క చూపులో పట్టుకోవడం కష్టం. అందుకే చట్రం పదిని రెండు ఐదులుగా విడగొడుతుంది. పై వరుస నిండితే 'ఐదు' అని కన్ను చెబుతుంది, ఆపైన కింద ఉన్నవే చూసుకోవాలి.

పిక్కలు పెట్టే పద్ధతి ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. పై వరుసలో ఎడమ నుంచి కుడికి, అది నిండాకే కింది వరుసలో మళ్ళీ ఎడమ నుంచి కుడికి. పిల్లలు ఇష్టం వచ్చిన గళ్ళలో పెట్టేస్తారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గాని, అప్పుడు ఏడు ప్రతిసారీ కొత్త ఆకారంలో కనబడి మనసులో నిలవదు. మొదటి రెండు రోజులూ ఒకే రంగుతో 6, 7, 8, 9లను పెట్టించి, ఎన్ని ఉన్నాయని కాక, ఎలా తెలిసిందని అడగండి. "పైన ఐదు, కింద రెండు" అనే జవాబు వస్తే ముందుకు వెళ్ళవచ్చు. "లెక్కపెట్టాను" అంటే ఆ రోజుకు అక్కడే ఆగండి.

మూడవ రోజు పది పిక్కలనూ గోధుమవైపు పైకి ఉండేలా చట్రం నింపండి. చివరి గడిలోని పిక్కను తిప్పి తెలుపు చేసి, "తొమ్మిది గోధుమ, ఒకటి తెలుపు, మొత్తం పది" అని చెప్పించండి. దాని ఎడమన ఉన్నది తిప్పితే "ఎనిమిది, రెండు, పది". ఇలా ఒక్కొక్కటే వెనక్కి తిప్పుకుంటూ అన్నీ తెల్లబడేవరకు వెళ్ళాలి. పిక్క తీయడం లేదు, పెట్టడం లేదు, తిప్పడమే జరుగుతోంది కాబట్టి మొత్తం మారడం లేదన్న సంగతి పిల్ల కళ్ళముందే ఉంటుంది. రెండు రంగుల పిక్కలతో వచ్చే అసలు లాభం ఇదే.

ఏడు గోధుమ, మూడు తెలుపు ఉన్నచోట ఆగి చట్రాన్ని జాగ్రత్తగా అరచుట్టు తిప్పండి, కింది అంచు పైకి వచ్చేలా. కింది వరుసలో కుడిచివర ఉన్న మూడు తెల్లపిక్కలు ఇప్పుడు పై వరుసలో ఎడమవైపు మొదట ఉంటాయి, ఆ తరువాత గోధుమవి ఏడు. 7, 3 అని చదివినది 3, 7 అయింది, ఒక్క పిక్కయినా కదలలేదు. నా మేనకోడలికి ఇది చూపినప్పుడు తానే మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకుని, "మామయ్యా, అయితే సగమే నేర్చుకుంటే చాలు కదా!" అంది. చాలు. పెద్ద సంఖ్య మొదట వచ్చే వరసలో ఆరు వస్తే మిగిలిన ఐదూ వచ్చినట్లే. 5, 5 ఎటు తిప్పినా అదే.

ఇక ఆ పిల్ల దగ్గరే నేను చూసిన తప్పు ఒకటి వివరంగా చెబుతాను, చాలామంది పిల్లల్లో ఇదే ఉంటుంది. నాలుగవ రోజు తెల్లపిక్కలను తీసేసి గోధుమవి ఏడే ఉంచి, పదికి ఇంకా ఎన్ని కావాలని అడిగాను. వేలు ఏడవ పిక్కమీద పెట్టి "ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది" అని నాలుగు మాటలు పలికి, "నాలుగు" అంది. ఉన్న ఏడునే మళ్ళీ ఒకటిగా లెక్కలోకి తెచ్చుకుంది. ఇలాంటి పిల్లల జవాబులు గమనిస్తే ప్రతిసారీ సరిగ్గా ఒకటి ఎక్కువ వస్తుంది: 8కి 3, 6కి 5. జవాబులు అస్తవ్యస్తంగా ఉంటే అది వేరే సంగతి. ఒకటే ఎక్కువ వస్తుంటే ఇదే తప్పు అని పోల్చుకోవచ్చు.

దీనికి "ఏడును వదిలేసి లెక్కపెట్టు" అని చెబితే పని జరగదు, మరునాటికి మరచిపోతుంది. నేను వేలిని పిక్కలమీద పెట్టనివ్వలేదు. "ఖాళీ గళ్ళమీదే వేలు పెట్టు, తల్లీ" అన్నాను. ఖాళీలు మూడే కాబట్టి మూడు అంది. తరువాత ఖాళీ గళ్ళలో తెల్లపిక్కలు పెట్టి, కలిపి పదే అయ్యాయా అని తనచేతనే సరిచూపించాను. రెండు రోజులయ్యాక వేలు కూడా అక్కరలేదు. మూడు ఖాళీలు ఒక్క చూపులో పట్టేవే కదా! 6, 7, 8, 9లకు జోడీ నాలుగుకు మించదు కనుక, ఖాళీలను చూడటం నేర్చిన పిల్లకు లెక్కపెట్టే అవసరం రాదు. 3కి జోడీ అడిగితే మాత్రం ఏడు ఖాళీలు ఉంటాయి. అక్కడ "పైన రెండు, కింద ఐదు" అని ఖాళీలనే ఐదు ఆసరాతో చదవాలి.

మరొక తప్పు తప్పులాగా కనబడదు. పిల్ల "తొమ్మిది ఒకటి, ఎనిమిది రెండు, ఏడు మూడు" అని గడగడా చెబుతుంది. ఒకటి తగ్గుతూ ఒకటి పెరుగుతూ పోయే వరుసను పద్యంలాగా పట్టేసిందన్నమాట. నడుమన 6 ఒక్కటే అడిగి చూడండి. తొమ్మిది దగ్గర మొదలుపెట్టి దిగుతూ వస్తే జోడీ ఇంకా రాలేదని తెలుస్తుంది. దీనికి అష్టాచమ్మాలో లాగే పది పిక్కలనూ గుప్పిట్లో గిలకరించి నేలమీద వేయించండి. తెల్లవి ఎన్ని పడ్డాయో చూసి, గోధుమవాటిని చేత్తో కప్పేసి అవి ఎన్నో ముందు చెప్పించి, ఆ తరువాతే చట్రంలో సర్ది సరిచూడాలి. ఏ జోడీ పడుతుందో ఎవరికీ తెలియదు కనుక వరుస పనికిరాదు. అయితే ఈ ఆటలో 5, 5; 4, 6 జోడీలు తరచుగా పడతాయి; 0, 10 దాదాపు పడదు. అరుదుగా పడేవాటిని మీరే చట్రంలో పెట్టి అడగాలి.

బడిలో ఒడియా అంకెలు రాసే పిల్లలకు ఇంకో హెచ్చరిక. ఒడియా నాలుగు, పైసున్న మూయని 8లా ఉంటుంది. ఒకసారి 6కి జోడీగా మా పిల్ల ఆ అంకె వేస్తే నేను 8 అనుకుని తప్పు గుర్తు పెట్టాను. ఆమె ఏడ్చాక గాని నా పొరపాటు తెలియలేదు. కాగితంమీద తప్పు కనబడితే ముందు నోటితో చదివించండి. అలాగే తెలుగులో జోడీలు నిలబడ్డాక, "సాత" అంటే "తిని", "ఆఠ" అంటే "దుయి" అని బడిమాటలోనూ రెండు రోజులు చెప్పించండి, అక్కడ అడిగినప్పుడు మనసులో అనువాదం చేసుకుంటూ ఆగిపోకుండా ఉంటుంది.

ఇక సాధన పుట. చట్రం ఎదుట లేకుండా, అడిగిన మూడు సెకన్లలో, వేళ్ళూ పెదవులూ కదలకుండా జవాబు వచ్చే దశకు చేరాకే దీన్ని ఇవ్వాలి. అంతకుముందే గడియారం పెడితే పిల్ల వేళ్ళను మరింత వేగంగా లెక్కపెట్టడమే నేర్చుకుంటుంది. మొదట మీరు చదువుతుంటే నోటితో చెప్పించండి, ఇరవైకి ఒక నిమిషం చాలు. ఆరేళ్ళ పిల్ల రాయడానికి అంతకు రెట్టింపు పడుతుంది, ఆ ఆలస్యం చేతిదే గాని లెక్కది కాదు.

5 + □ = 10,  9 + □ = 10,  7 + □ = 10,  10 + □ = 10,  6 + □ = 10

□ + 8 = 10,  □ + 3 = 10,  □ + 4 = 10,  □ + 1 = 10,  □ + 5 = 10

10 = 7 + □,  10 = 2 + □,  10 = □ + 6,  10 = □ + 9,  10 = 0 + □

10 − 8 = □,  10 − 3 = □,  10 − 6 = □,  10 − 4 = □,  10 − 7 = □

జవాబులు వరుసగా: 5, 1, 3, 0, 4, 2, 7, 6, 9, 5, 3, 8, 4, 1, 10, 2, 7, 4, 6, 3.

మూడవ వరుసలో 10 = 7 + □ దగ్గర 17 అని రాస్తే, పిల్లకు జోడీ రానట్లు కాదు; సమానం గుర్తు తరువాత ఎప్పుడూ జవాబే వస్తుందని అనుకుంటోంది, కనబడిన రెండు సంఖ్యలనూ కలిపేసింది. ఇంకో పది పిక్కలు చేసుకుని, నిండిన చట్రాన్ని గుర్తుకు ఎడమన, ఏడు గోధుమపిక్కలను కుడిన ఉంచి, రెండువైపులా ఒకటే ఉండాలంటే కుడిన ఇంకా ఎన్ని పెట్టాలో పెట్టించండి. నాలుగవ వరుసలో వెనక్కి లెక్కపెడుతుంటే, 10 − 8కి ఎనిమిది గోధుమ, రెండు తెలుపు పెట్టి, గోధుమవి తనచేతనే తీయించండి. తప్పిన జోడీలను మాత్రమే చిన్న చీటీలమీద రాసి మరునాడు అడగాలి. వచ్చినవాటిని మళ్ళీ మొత్తం పుటగా రాయించనక్కరలేదు. ఆరు జోడీలూ వరుసగా మూడు రోజులు ఆగకుండా వచ్చాక, రెండవ చట్రం గీసి మొదటిదాని పక్కన పెట్టుకోండి. వచ్చే పాఠంలో 8కి 5 కలపడానికి రెండూ కావాలి.