గాలివానలకు ముందు బస్‌బార్ రక్షణ: లోడ్ మీద సున్నా చూసి సంతకం పెట్టకండి

ఈ వేసవిలో వీచిన ఈదురుగాలులకు ఒక 220 కెవి సబ్‌స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఫీడర్ కండక్టర్ తెగి టవర్ క్రాస్ ఆర్మ్‌కు తగిలింది. లైన్ రక్షణ తన పని తాను సక్రమంగానే చేసింది. అయితే అదే క్షణంలో బస్‌బార్ రక్షణ కూడా పనిచేసి, ఆ బస్ మీదున్న ఫీడర్లను, ట్రాన్స్‌ఫార్మర్లను ఒక్కసారిగా ట్రిప్ చేసింది. ఫాల్ట్ బస్‌లో లేదు, బయట లైన్ మీద ఉంది. ఆ లైన్ గత శీతాకాలంలో కొత్తగా ఛార్జ్ చేసిన బేకు చెందినది. దాని కమిషనింగ్ నివేదిక తెరిచి చూస్తే పోలారిటీ సరిగా ఉంది, రేషియో సరిగా ఉంది, లోడ్ మీద స్పిల్ కరెంట్ దాదాపు సున్నా అని రాసి ఉంది. ఆ చివరి వాక్యాన్ని నమ్మి సంతకాలు పెట్టేయడమే చాలా సబ్‌స్టేషన్లను ముంచుతున్నది.

లైన్ క్లియర్, ఎర్త్ రాడ్, హెల్మెట్ వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ప్రీ మాన్‌సూన్ మెయింటెనెన్స్‌లో బే విస్తరణ గాని, సీటీ మార్పిడి గాని జరుగుతున్న చోట ఎంఆర్‌టీ సిబ్బంది, షిఫ్ట్ ఇంజనీర్లు తప్పక చూడవలసిన విషయాలనే ఇక్కడ రాస్తున్నాను.

హై ఇంపీడెన్స్ పద్ధతి ఉన్న చోట

ఈ పద్ధతిలో బస్ మీది సీటీలన్నిటినీ సమాంతరంగా కలిపి, ఆ బస్ వైర్ల మీద రిలేను, దానికి సిరీస్‌లో స్టెబిలైజింగ్ రెసిస్టర్‌ను పెడతాము. సీటీ సాచురేట్ కాకుండా ఆపాలని ఇక్కడ ప్రయత్నించము. సాచురేట్ అవుతుందని ముందే ఒప్పుకుని లెక్క వేస్తాము. బయట ఫాల్ట్ వచ్చినప్పుడు, ఆ ఫీడర్ సీటీ మీద మిగతా బేల కరెంట్ అంతా కలిసి పడుతుంది కాబట్టి, అది పూర్తిగా సాచురేట్ అయిపోయిందని అనుకుంటాము. అప్పుడది తన వంతు కరెంట్ ఇవ్వలేక ఉత్త రెసిస్టెన్స్‌గా మిగులుతుంది. మిగతా సీటీల కరెంట్ దాని వైండింగ్, దాని కేబుల్ గుండా ప్రవహిస్తుంది. ఆ దారిలో పుట్టే వోల్టేజీ కన్నా రిలే సెట్టింగ్ ఎక్కువగా ఉంటే రిలే కదలదు.

V = If × (Rct + Rlead)

ఒక ఉదాహరణ చూద్దాం. ఫాల్ట్ లెవెల్ 40 కిలో ఆంపియర్లు, సీటీ రేషియో 1600/1, కాబట్టి సెకండరీలో 25 ఆంపియర్లు. సీటీ వైండింగ్ రెసిస్టెన్స్ 75 డిగ్రీల వద్ద 8 ఓమ్‌లు, సాచురేషన్ మొదలయ్యే నీ పాయింట్ వోల్టేజీ 1600 వోల్టులు. పాత బేలలో అన్నిటికన్నా దూరంగా ఉన్నది ప్యానెల్‌కు 150 మీటర్ల దూరంలో ఉంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు 20 డిగ్రీల వద్ద కిలోమీటరుకు 7.4 ఓమ్‌లే అయినా, 75 డిగ్రీల వద్ద సుమారు 9 ఓమ్‌లు వస్తాయి. రానూపోనూ 300 మీటర్లకు 2.7 ఓమ్‌లు. మొత్తం 10.7 ఓమ్‌లు, 25 ఆంపియర్లకు 268 వోల్టులు. అందుకే పాత సెట్టింగ్ 300 వోల్టులు అని నిర్ణయించి ఉంటారు. అది సరైన సెట్టింగే.

ఇప్పుడు యార్డ్ చివర కొత్త బే వచ్చింది. ప్యానెల్‌కు దూరం 300 మీటర్లు, తీగ అదే 2.5. రానూపోనూ 600 మీటర్లకు 5.4 ఓమ్‌లు, సీటీతో కలిపి 13.4 ఓమ్‌లు, వోల్టేజీ 335. అంటే ఆ లైన్ మీద సబ్‌స్టేషన్‌కు దగ్గరలో పెద్ద ఫాల్ట్ వచ్చి సీటీ సాచురేట్ అయిన రోజున రిలే మీద 300 దాటుతుంది, బస్ పోతుంది. ఏ సీటీలోనూ దోషం లేకుండా, ఏ వైరూ తప్పు కలపకుండా బస్ పోతుంది.

మరి లోడ్ మీద ఎందుకు కనబడలేదు? ఆ బేలో 400 ఆంపియర్ల లోడ్ ఉందనుకుంటే సెకండరీ కరెంట్ 0.25 ఆంపియర్. ఆ సీటీ పూర్తిగా చచ్చిపోయినా సరే, ఆ 0.25 ఆంపియర్ 13.4 ఓమ్‌లలో పుట్టించేది 3.4 వోల్టులు. 300 వోల్టుల సెట్టింగ్ ముందు అది ఏ మూలకు? వైర్లు సరిగా కలిపారని, పోలారిటీ తిరగబడలేదని మాత్రమే లోడ్ పరీక్ష చెబుతుంది. సాచురేషన్ గురించి అది ఏమీ చెప్పదు, చెప్పలేదు.

సరిదిద్దడం కష్టమేమీ కాదు. కేబుల్‌లో ఖాళీ కోర్లు ఉంటే రెండేసి కలిపి వేయండి, 5.4 ఓమ్‌లు 2.7 అవుతుంది, పాత సెట్టింగే సరిపోతుంది. లేదా సెట్టింగ్‌ను 350కి పెంచండి. సెట్టింగ్‌కు నీ పాయింట్ రెట్టింపు ఉండాలన్న నియమం ప్రకారం 700 చాలు, మన సీటీకి 1600 ఉంది. బస్‌లోనే ఫాల్ట్ వచ్చినప్పుడు సాచురేట్ అయ్యేలోపే రిలేకు సరిపడా వోల్టేజీ అందాలన్నదే ఆ రెట్టింపు నియమం వెనుక ఉన్న కారణం. సెట్టింగ్ మారిస్తే రెసిస్టర్ విలువ కూడా మారాలి; రిలే కరెంట్ 0.2 ఆంపియర్ అయితే 1500 ఓమ్‌ల దగ్గర ఉన్నది 1750 అవుతుంది. సెట్టింగ్ షీట్‌లో అంకె మార్చి రెసిస్టర్ స్లైడర్‌ను అక్కడే వదిలేసిన చోట్లు ఉన్నాయి.

లో ఇంపీడెన్స్ పద్ధతి ఉన్న చోట

కొత్త న్యూమరికల్ రిలేలు పెట్టాక చాలామందికి ఒక ధీమా వచ్చింది: సాచురేషన్ సంగతి రిలేయే చూసుకుంటుందని. అందులో సగమే నిజం. బయటి ఫాల్ట్ మొదలైన తొలి కొద్ది మిల్లీసెకన్లు ఏ మంచి సీటీ అయినా నిజమైన కరెంటే ఇస్తుంది. ఆ వ్యవధిలో బయాస్ కరెంట్ గబగబా పెరుగుతుంది, డిఫరెన్షియల్ కరెంట్ మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. సీటీ సాచురేట్ అయ్యాకే డిఫరెన్షియల్ లేస్తుంది. బస్‌లో ఫాల్ట్ అయితే రెండూ ఒకేసారి లేస్తాయి. రిలే ఈ తేడాను పట్టుకుని, బయటి ఫాల్ట్ అని తేల్చుకుని ట్రిప్‌ను ఆపుతుంది. కరెంట్ల దిశను కూడా పోల్చి చూస్తుంది. డిస్టర్బెన్స్ రికార్డ్ తెరిచి చూస్తే ఇది కళ్లకు కడుతుంది: మొదట చదునుగా ఉన్న డిఫరెన్షియల్ గీత, తరువాత ఒక్కో సైకిల్‌లో సీటీ చేతులెత్తేసిన చోటల్లా గూనులాగా లేస్తుంది.

ఆ తొలి మిల్లీసెకన్లు ఎన్ని కావాలో ఒక్కో తయారీదారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చాలా రిలేలకు రెండు మూడు మిల్లీసెకన్లు కావాలి. అంతకాలం సీటీ నిలబడుతుందని లెక్కలో తేలాలి. రిలే మార్చినా సీటీ లెక్క తప్పదు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు కోర్ తారుమారు కావడం. మార్షలింగ్ బాక్స్‌లో పీఎస్ క్లాస్ కోర్ టెర్మినళ్ల బదులు మీటరింగ్ కోర్ టెర్మినళ్లు బస్‌బార్ యూనిట్‌కు వస్తాయి. లోడ్ మీద చూడండి, డిఫరెన్షియల్ చక్కగా సున్నా చూపిస్తుంది. మీటరింగ్ కోర్ లోడ్ కరెంట్ దగ్గర ఎంతో కచ్చితమైనది కనుక ఆ సున్నా మరీ అందంగా ఉంటుంది. కానీ ఆ కోర్‌ను అయిదు పది రెట్ల కరెంట్‌కే సాచురేట్ అయ్యేలా, మీటర్ కాలిపోకుండా కాపాడేలా తయారుచేస్తారు. 25 ఆంపియర్లు వచ్చిన రోజున రిలేకు కావలసిన ఆ రెండు మూడు మిల్లీసెకన్లు కూడా అది ఇవ్వకపోవచ్చు. అదే తప్పు హై ఇంపీడెన్స్‌లో జరిగితే ఫలితం ఇంకా ఘోరం: బస్‌లోనే ఫాల్ట్ వచ్చినా, నీ పాయింట్ తక్కువైన ఆ ఒక్క కోర్ బస్ వైర్ల వోల్టేజీని 300 దాకా లేవనీయదు. రిలే అసలు పనిచేయకుండా ఉండిపోవచ్చు. మళ్లీ చెబుతున్నాను, రెండు సందర్భాల్లోనూ లోడ్ మీద సున్నాయే వచ్చింది.

దీన్ని పట్టే దారి ఒక్కటే. బే ఛార్జ్ చేయకముందు ప్యానెల్ చివర నుంచి, కేబుల్‌తో సహా, మాగ్నెటైజింగ్ కర్వ్ తీయండి. వోల్టేజీ 10 శాతం పెంచితే కరెంట్ 50 శాతం పెరిగే చోటే నీ పాయింట్. పీఎస్ కోర్ అయితే వందల వోల్టుల దాకా కరెంట్ మిల్లీ ఆంపియర్లలోనే పాకుతుంది. మీటరింగ్ కోర్ అయితే ఎంతో ముందే కరెంట్ ఎగబాకుతుంది. ప్యానెల్ దగ్గరే తీయమనడానికి కారణం, సీటీ దగ్గర తీస్తే మార్షలింగ్ బాక్స్‌లో జరిగిన తారుమారు బయటపడదు.

ఇక వరుసగా:

- డీసీ రెసిస్టెన్స్ ముందు కొలవండి, కర్వ్ తరువాత తీయండి. డీసీ వల్ల కోర్‌లో అయస్కాంతత్వం మిగిలిపోతుంది. కర్వ్ తీశాక వోల్టేజీని ఒక్కసారిగా ఆపకుండా నిదానంగా సున్నాకు దించితే అది పోతుంది. మిగిలితే సీటీ తొందరగా సాచురేట్ అవుతుంది.
- ఎండలో కేబుల్ ట్రెంచ్ ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. జనవరి ఉదయం కొలిచిన రెసిస్టెన్స్‌ను 75 డిగ్రీలకు మార్చకుండా లెక్కలో వేయవద్దు.
- హై ఇంపీడెన్స్‌లో ఒక్క బే షార్టింగ్ లింక్ బస్ వైర్ల వైపు మరిచిపోతే మొత్తం జోన్ రక్షణ చచ్చిపోతుంది, అలారం కూడా రాదు. లో ఇంపీడెన్స్‌లో అదే తప్పు ఆ బే లోడ్ అంతటినీ డిఫరెన్షియల్‌గా చూపిస్తుంది. లింకులు లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి పెట్టండి.
- వాడని కోర్‌ను షార్ట్ చేయండి. వాడని ట్యాప్‌ను షార్ట్ చేయవద్దు.
- హై ఇంపీడెన్స్‌లో అన్ని బేల సీటీ రేషియో ఒకటే ఉండాలి. లో ఇంపీడెన్స్‌లో వేరుగా ఉండవచ్చు, కానీ సెట్టింగ్‌లో వేసిన రేషియోను నేమ్ ప్లేట్‌తో కాదు, ప్రైమరీ ఇంజెక్షన్‌తో సరిచూడండి.
- మెట్రోసిల్‌ను మెగ్గర్ కోసం విప్పితే అదే గంటలో తిరిగి కలపండి. అది లేకుండా బస్ ఫాల్ట్ వస్తే ప్యానెల్ వైరింగ్ తట్టుకోగల 3 కిలోవోల్టులను దాటి ఎన్నో రెట్లు పీక్ వోల్టేజీ వస్తుంది.
- సీటీ సెకండరీ ఎర్త్ ఒక్క చోటే. యార్డ్‌లో ఒకటి, ప్యానెల్‌లో ఒకటి ఉంటే ఫాల్ట్ వేళ ఆ రెండింటి మధ్య కరెంట్ పారుతుంది.
- ఐసొలేటర్ ఆగ్జిలరీ కాంటాక్టులను ప్యానెల్‌లో సిమ్యులేట్ చేయవద్దు, ఐసొలేటర్‌నే నడిపి చూడండి.
- కొత్త బే కేబుల్ పొడవు టేప్‌తో కొలవండి. డ్రాయింగ్ నమ్మవద్దు.
- లోడ్ మీద సున్నా వచ్చిందని మీటర్ ఫొటో పంపితే, నీ పాయింట్ గ్రాఫ్, స్టెబిలిటీ లెక్క కూడా పంపమని అడగండి. అవి రాకుండా బస్ రక్షణను ఇన్ సర్వీస్ చేయవద్దు.
- రక్షణ తీసి పని చేస్తున్నంతసేపు బస్ ఫాల్ట్‌ను తీయవలసింది అవతలి సబ్‌స్టేషన్ల డిస్టెన్స్ రిలేల జోన్-2, అంటే 350 మిల్లీసెకన్లో అంతకు మించో. లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు చెప్పకుండా తీయవద్దు. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన ఎక్కువగా సాయంత్రమే లేస్తుంది. పని ఉదయం మొదలుపెట్టి, మబ్బు కమ్మేలోగా రక్షణను తిరిగి పెట్టండి.