ఆడియోగ్రామ్ చదివి రాద్దాం – 4వ పాఠం: సగటు మింగేసిన లోపం

ఆడియోగ్రామ్ అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర చెవి వినగలిగిన అతి చిన్న శబ్దం ఎన్ని డెసిబెల్సో చూపే గ్రాఫు. పోయిన పాఠం చివర ఇచ్చిన అలాంటి గ్రాఫుకి మీరు రాసి పంపిన సారాంశాలన్నీ చదివాను. ఎక్కువమంది రాసింది ఇదే: "కుడి చెవి సగటు 23 డెసిబెల్స్, వినికిడి మామూలు. ఎడమ చెవి సగటు 30, స్వల్ప లోపం." లెక్క తప్పలేదు, సారాంశం మాత్రం తప్పింది. అందుకని ఈసారి కొత్త విషయం మొదలుపెట్టడం లేదు, ఆ గ్రాఫే మళ్లీ చూద్దాం.

ముందు ఒక చిన్న దిద్దుబాటు. ఇద్దరు ముగ్గురు చెవులు తారుమారు చేశారు. సున్నా గుర్తు కుడి చెవి, ఇంటూ గుర్తు ఎడమ చెవి. జిరాక్స్ కాపీలో ఎరుపు, నీలం రెండూ నల్లగానే వస్తాయి కాబట్టి రంగును నమ్ముకోకండి, గుర్తునే చూడండి. నేనైతే ఎప్పుడూ కుడి చెవితోనే మొదలుపెడతాను. ఒక చెవి పూర్తిగా రాశాకే రెండోదాని జోలికి వెళ్తాను.

ఇక అసలు సంగతి. కుడి చెవి రీడింగులు ఇవి: 250, 500 హెర్ట్జ్ దగ్గర 15, 1000 దగ్గర 20, 2000 దగ్గర 35, 4000 దగ్గర 60, 8000 దగ్గర 70. మనం సగటు కట్టింది 500, 1000, 2000 మూడింటికే. 15, 20, 35 కలిపితే 70, మూడుతో భాగిస్తే 23. మనం వాడుతున్న కొలబద్దలో 25 వరకు మామూలే కాబట్టి "మామూలు" అని రాసేశారు. మరి 4000 దగ్గరున్న 60 ఏమైంది? అది సగటులోకి రానేలేదు. 2000 దగ్గరి 35 వచ్చింది కానీ పక్కనున్న 15, 20 దాన్ని కిందికి లాగేశాయి.

దీన్ని ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. అచ్చులకు బలం ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, శ లాంటి అక్షరాల ధ్వని ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. కాబట్టి ఇలాంటి చెవి ఉన్న మనిషి "మాట వినపడుతోంది, ఏమన్నారో తెలియట్లేదు" అంటాడు. నేను రిపోర్టులు రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఇలాంటి గ్రాఫుకే సగటు చూసి "మామూలు" అని రాశాను. ఆ కాగితం చూసి ఆ పేషెంటు ఇంట్లోవాళ్లు, ఆయన కావాలనే విననట్టు ఉంటున్నాడని అనుకున్నారు. ఆ తప్పు నాదే.

అందుకే లోపం ఎంతో తేల్చడానికి సగటు దగ్గరికి వెళ్లకముందే ఒక పని చేయండి. గ్రాఫు మీద 25, 40, 55, 70, 90 దగ్గర పెన్సిలుతో అడ్డగీతలు గీయండి. 26 నుంచి 40 స్వల్పం, 41 నుంచి 55 మధ్యస్థం, 56 నుంచి 70 మధ్యస్థ తీవ్రం, 71 నుంచి 90 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి ఒక్కో గుర్తు మీద వేలు పెట్టుకుంటూ వెళ్లండి. వేలు గీత దాటిన ప్రతిచోటా వాక్యం మారాలి.

కుడి చెవికి నేను ఇలా రాస్తాను: "కుడి చెవి: 250 నుంచి 1000 హెర్ట్జ్ వరకు మామూలు. 2000 దగ్గర స్వల్ప లోపం (35). 4000, 8000 దగ్గర మధ్యస్థ తీవ్ర లోపం (60, 70). 500, 1000, 2000ల సగటు 23." సగటు వాక్యం చివరికి వెళ్లింది చూడండి. ఏ ఫ్రీక్వెన్సీలకు కట్టామో కూడా రాశాం. కొందరు 4000 కూడా కలిపి నాలుగింటికి కడతారు. అప్పుడు ఇదే చెవికి 32.5 వస్తుంది, "మామూలు" కాస్తా "స్వల్పం" అవుతుంది. అంటే చెవి మారకుండానే పేరు మారిపోతుంది.

ఎడమ చెవి 15, 20, 20, 50, 70, 75. దీనికి: "250 నుంచి 1000 వరకు మామూలు. 2000 దగ్గర మధ్యస్థం (50), 4000 దగ్గర మధ్యస్థ తీవ్రం (70), 8000 దగ్గర తీవ్రం (75). 500, 1000, 2000ల సగటు 30." దీన్ని "స్వల్ప లోపం" అని సరిపెట్టలేం. నిజానికి ఈ చెవిలో స్వల్ప స్థాయిలో పడిన గుర్తు ఒక్కటి కూడా లేదు.

గుర్తు కింద బాణం ఉంటే మెషీన్ ఇవ్వగలిగినంత శబ్దం ఇచ్చినా స్పందన రాలేదని అర్థం. ఆ గుర్తు 100 మీద ఉంటే అక్కడ "100 దగ్గర స్పందన లేదు" అని రాయండి. 100నే రీడింగు అనుకుని సగటులో కలపకండి.

అభ్యాసం: రెండు చెవులకూ 250 నుంచి 8000 వరకు అదే ఆరు ఫ్రీక్వెన్సీలు. కుడి 60, 65, 70, 75, 90, చివరిది 100 దగ్గర బాణం. ఎడమ 55, 50, 40, 25, 20, 20. సారాంశం రాసి, అంకెలు చూడనివ్వకుండా అది మాత్రమే ఇంకొకరికి ఇచ్చి గ్రాఫు గీయించండి. గుర్తులన్నీ వాటి మెట్టులోనే పడి, బాణం కూడా దాని చోట వచ్చే వరకు తిరగరాయండి. ఎడమ చెవి దగ్గర కాస్త ఆగండి, అక్కడ గీత పైకి ఎక్కుతోంది. దాని సగటు 38 ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరి లోపాన్ని దాచిపెడుతోందో ఒక వాక్యంలో చెప్పండి.