పాత చీరకు కొత్త దారం – 4వ పాఠం: ఫొటోలో లచ్చి, చేతిలో రంగు

కావలి నుంచి మా పిన్ని ఫోనులో ఒక ఫొటో పంపింది. కాటన్ చీర కొంగు మీద నల్లదారంతో కుట్టిన తీగ రెండు చోట్ల తెగింది. మిగిలిన లచ్చి పట్టీ మీద 310 అని కనబడుతోంది. ఆ అంకె చెప్పి నెల్లూరు అంగడిలో యాంకర్ దారం తెప్పించుకుంటే గోధుమరంగు వచ్చిందట. అంగడివారి తప్పేమీ లేదు. రంగు అంకె కంపెనీ సొంతం. 310 డీఎంసీలో నలుపు, యాంకర్‌లో గోధుమరంగు. యాంకర్‌లో నలుపు కావాలంటే 403 అడగాలి.

అందుకే ఫొటోలో ముందు చూడవలసింది అంకెను కాదు, పేరును. పిన్ని ఫొటోలో పట్టీ ముడతపడి పేరు సగమే కనబడింది. పట్టీని చదునుగా పరిచి, పక్కన తెల్లకాగితం పెట్టి, ఫ్లాష్ లేకుండా వరండాలో పగటి వెలుతురులో మళ్లీ తీయమన్నాను. ఫొటోలో కాగితం పసుపుగా కనబడితే దారం రంగు కూడా అటే జరిగిందని అర్థం. కుట్టు మిషను రీలైతే చివర అంటించిన స్టిక్కరును నేరుగా పైనుంచి తీయాలి. పేరు, అంకె చదవడానికే ఫొటో. రంగు తేల్చడానికి దాన్ని నమ్మవద్దు.

403 తెచ్చినా పని పూర్తి కాలేదు. కొంగు ఏళ్ల తరబడి ఎండ చూసింది. తీగను తిరగేసి చూస్తే వెనుక కుట్లు ఇంకా నల్లగా ఉన్నాయి, ముందు వైపు మాత్రం బూడిద తిరిగింది. కొత్త నలుపు అక్కడ మచ్చలా నిలుస్తుంది. మనం కలపవలసింది పట్టీ మీది రంగుతో కాదు, వెలిసిన ముందు వైపుతో.

లచ్చిలోని దారం ఆరు పోగుల కలయిక. తీగను జాగ్రత్తగా విప్పి చూస్తే అందులో రెండు పోగులే వాడారు. ఒక నల్ల పోగు, ఒక ముదురు బూడిద పోగు కలిపి ఒకే సూదిలో ఎక్కించమన్నాను. కుట్టే ముందు ఆ జంటను తీగ మీద పరిచి, నీడపట్టున చేతి దూరం నుంచి కళ్లు సగం మూసి చూడాలి. అంచు కనబడకపోతే సరిపోయినట్లే. కనబడితే బూడిదలో ఒక మెట్టు లేతది వాడి చూడాలి. లచ్చిని అలాగే చీర మీద పెట్టి పోల్చకూడదు. గుత్తిగా ఉన్నప్పుడు దారం ముదురుగా, విడిపోగుగా ఉన్నప్పుడు లేతగా కనబడుతుంది.

ట్యూబ్‌లైటు కింద కుదిరిన జంట ఎండలో విడిపోవచ్చు. రెండు వెలుతురుల్లోనూ చూశాకే సూది దించండి. పిన్నికి మూడో బూడిద రంగుతో కుదిరింది.

వచ్చే పాఠంలో తెగిన కుట్టు కొసలను వెనుకవైపు ముడి లేకుండా దాచడం చూద్దాం.