చెక్‌సమ్ అంతా ఓకే అంటోంది, కానీ వీడియో మధ్యలో పాడైంది. తప్పు ఎక్కడుంది?

ఇంట్లో పెళ్ళి వీడియోలు, పాత క్యామ్‌కార్డర్ ఫైల్స్ హార్డ్ డిస్కుల్లో దాచుకుని, చెక్‌సమ్ లిస్టు కూడా పెట్టుకున్నవాళ్ళ కోసం ఇది. sha256sum ఎలా నడపాలో తెలుసనుకుని రాస్తున్నా.

FAILED అని వస్తోంది

కంగారు పడి డిస్కు పోయిందనుకునే ముందు దయచేసి ఆ లైను పూర్తిగా చదవండి, పదిమందిలో ఏడెనిమిది మంది చదవరు. `FAILED open or read` అని ఉంటే ఫైలు దొరకలేదు లేదా చదవలేకపోయింది అని అర్థం. ఎక్కువసార్లు మీరు వేరే ఫోల్డర్లో ఉండి కమాండ్ ఇచ్చుంటారు, లేదా ఫోల్డర్ పేరు మార్చుంటారు. ఉత్త `FAILED` అని ఉంటేనే లోపలి డేటా తేడా వచ్చినట్టు.

అప్పుడు కూడా డిస్కు సేఫ్‌గా తీసి మళ్ళీ పెట్టి, అదే ఫైలుకి ఇంకోసారి హ్యాష్ తీయండి. రెండుసార్లూ ఒకే హ్యాష్ వచ్చి అది లిస్టుతో కలవకపోతే ఫైలు నిజంగానే మారింది. రెండుసార్లు రెండు రకాలుగా వస్తే మాత్రం ముందు ర్యామ్‌నీ కేబుల్‌నీ అనుమానించండి, ఫైలు జోలికి పోవద్దు.

ఫైలు మారింది కానీ వీడియో బాగానే ఆడుతోందంటే, ఏదో సాఫ్ట్‌వేర్ అందులో తేదీయో టైటిలో రాసేసి ఉండొచ్చు, ఫోన్ వీడియోల్లో ఇది మామూలే. రెండు కాపీల మీదా ఇది నడిపితే బొమ్మ డేటాకి మాత్రమే హ్యాష్ వస్తుంది:

```
ffmpeg -v error -i video.mp4 -map 0:v -c copy -f md5 -
```

రెండూ కలిస్తే బొమ్మ భద్రంగా ఉన్నట్టే. సౌండుకి `0:a` పెట్టి మళ్ళీ చూడండి.

అన్నీ OK, కానీ బొమ్మ చెదిరిపోతోంది

నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తా.

2013లో నాన్నగారి షష్టిపూర్తి క్యామ్‌కార్డర్‌తో తీశాం. కార్డులోంచి ల్యాప్‌టాప్‌కి, అక్కణ్ణుంచి ఎక్స్‌టర్నల్ డిస్కుకి ఎక్కించి, వారం తర్వాత ఇంకో ఫంక్షన్ ఉందని కార్డు ఫార్మాట్ చేశా. తర్వాత తీరిగ్గా డిస్కు మీద కూర్చుని హ్యాష్ లిస్టు తయారుచేసి, దాన్నుంచే ఇంకో రెండు కాపీలు తీశా. ఏడాదికోసారి మూడింటినీ చెక్ చేసేవాణ్ణి, ప్రతిసారీ అన్నీ OK. 2019లో నాన్నగారి మాటలు ఎడిట్ చేద్దామని తెరిస్తే `00003.MTS`లో 14వ నిమిషం దగ్గర మొహం అంతా గళ్ళుగళ్ళుగా చెదిరిపోయి, మళ్ళీ 40 సెకన్లకి అదే పరిస్థితి. మిగతా రెండు కాపీల్లోనూ అక్కడే, అలాగే.

నేను చేసిన తప్పేంటంటే, హ్యాష్ తీసింది పాడైన కాపీ మీద. ఫైలు మంచిదో కాదో చెక్‌సమ్‌కి తెలీదు, లిస్టు రాసిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉందని మాత్రమే చెప్తుంది. ఆ డ్యామేజ్‌నే ఆరేళ్ళు మూడు చోట్ల జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చా.

అదృష్టం కొద్దీ మా బావ ఆ రాత్రే కార్డులోంచి నేరుగా తన ల్యాప్‌టాప్‌కి ఎక్కించుకున్నాడు. సైజు బైటుతో సహా సమానం, హ్యాష్ మాత్రం వేరు. రెండూ పక్కపక్కన పెట్టి `cmp -l` కొడితే రెండు గిగాబైట్ల ఫైల్లో తేడా రెండే బైట్లు:

```
cmp -l bava/00003.MTS naadi/00003.MTS
1784233985 213 253
1866153985 305 345
```

చివరి రెండు నిలువు వరుసల్లోని అంకెలు ఆక్టల్‌లో, అంటే ఎనిమిదుల లెక్కలో ఉంటాయి. రెండు చోట్లా 40 తేడా, అంటే బైటులో ఒక్క బిట్టే మారింది, అదీ రెండింట్లోనూ అదే బిట్టు. పైగా ఫైల్లో ఆ రెండు బైట్ల మధ్య దూరం 4096తో శేషం లేకుండా భాగించబడుతుంది, మెమరీ పేజీ సైజు కూడా అంతే. డిస్కు పాడైతే ఇలా ఉండదు, సాధారణంగా ఒక సెక్టారు మొత్తం చదవడానికి రాదు. ఆ పాత ల్యాప్‌టాప్ మీద రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ఒక ర్యామ్ స్టిక్‌లో ఎర్రర్లు వచ్చాయి. కాపీ అయ్యేటప్పుడు డేటా ర్యామ్ గుండానే వెళ్తుంది, అక్కడ బిట్టు తిరగబడితే కాపీ సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రరూ చూపించదు. ఈ రకం వీడియోలో ఫ్రేములు ఒకదాని మీద ఇంకోటి ఆధారపడతాయి కాబట్టి ఒక్క బిట్టు చెడినా తర్వాతి కీఫ్రేమ్ వచ్చేదాకా బొమ్మ అలాగే చెదిరి ఉంటుంది.

కాబట్టి హ్యాష్ లిస్టు పుట్టాల్సింది కార్డు మీద, మొదటి కాపీకి ముందే:

```
cd /media/card/PRIVATE/AVCHD/BDMV/STREAM
sha256sum *.MTS > ~/shashtipurti.sha256
```

తర్వాత కార్డు తీసి మళ్ళీ పెట్టి, అదే ఫోల్డర్లోకి వెళ్ళి `sha256sum -c ~/shashtipurti.sha256` ఒకసారి కొట్టండి, అన్నీ OK వస్తేనే కాపీ మొదలుపెట్టండి. కాపీ అయ్యాక డిస్కుని సేఫ్‌గా ఎజెక్ట్ చేసి, పీకి, మళ్ళీ పెట్టి, ఆ ఫోల్డర్లోకి వెళ్ళి అదే లిస్టుతో చెక్ చేయండి. పీకకుండా వెంటనే చెక్ చేస్తే కంప్యూటర్ ర్యామ్‌లో మిగిలిన కాపీనే చదివి OK అనేయొచ్చు, డిస్కు మీద నిజంగా ఏం పడిందో తెలీదు. వీలైతే ఈ చెక్ వేరే కంప్యూటర్ మీద చేయండి. రెండు కాపీలు ఇలా కలిసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

కార్డు ఇప్పటికే పోయి లిస్టు ఎప్పుడు తీశారో గుర్తులేకపోతే, ప్రతి ఫైలునీ ఒకసారి పూర్తిగా డీకోడ్ చేసి చూడండి:

```
ffmpeg -v error -i 00003.MTS -f null -
```

ఏమీ రాకపోతే చాలావరకు మంచిదే, కానీ పూర్తి గ్యారంటీ కాదు, చిన్న తేడాల్ని డీకోడర్ పట్టుకోకుండా వదిలేయొచ్చు. ఎర్రర్ వస్తే ఎవరి దగ్గరైనా పాత కాపీ ఉందేమో వెతకండి, చుట్టాల ల్యాప్‌టాపులు కూడా అడగండి.

ఒక కాపీ పాడైతే మిగతావీ పాడయ్యాయి

ఇది సింక్ పని. పాడైన ఫైలుని సింక్ సాఫ్ట్‌వేర్ "మారిన ఫైలు" అనుకుని మంచిదాని మీద రాసేయొచ్చు, డిలీట్ అయితే అక్కడా డిలీట్ చేసే సెట్టింగూ ఉంటుంది. ఆర్కైవ్‌కి సింక్ వాడొద్దు. ముందు చెక్, తర్వాత కొత్త ఫైల్స్ మాత్రమే కాపీ. rsync వాడితే `--ignore-existing` పెట్టండి.

కాపీలు మూడు పెట్టుకోండి: ఇంట్లో రెండు హార్డ్ డిస్కులు, వేరే కంపెనీవి లేదా వేరే ఏడాది కొన్నవి, మూడోది ఇంకో ఊళ్ళో. క్లౌడ్ కొనగలిగితే అది నాలుగోది. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు, ఒకే బీరువాలో ఉంటే రెండు కాపీలైనా నాలుగైనా ఒక్కటే. మా మూడో డిస్కు అక్క వాళ్ళింట్లో ఉంటుంది, సంక్రాంతికి తను తెస్తుంది, ఆ రెండ్రోజుల్లో మూడూ చెక్ చేసి కొత్తవి ఎక్కిస్తాం. మూడూ ఒకేసారి ఒకే కంప్యూటర్‌కి మాత్రం పెట్టం, ఒకటి అయ్యాక ఇంకోటి.

కరెంటు లేకుండా బీరువాలో ఏళ్ళ తరబడి ఉండాల్సిన కాపీకి ఎస్ఎస్‌డీ, పెన్ డ్రైవ్ వద్దు, వాటిలో చార్జ్ మెల్లగా కారిపోతుంది. హార్డ్ డిస్కుకైనా ఐదారేళ్ళు దాటితే అది బాగా పనిచేస్తుండగానే కొత్తదానికి మార్చేస్తా. కాస్మిక్ కిరణాలు, ఊరికే కూర్చున్న డిస్కులో బిట్లు మారిపోవడం లాంటివి అరుదు, వాటి కోసం విడిగా ఏమీ చేయక్కర్లేదు, ఏడాదికోసారి చెక్‌లో అవీ దొరుకుతాయి.

లిస్టు ఫైలు ప్రతి డిస్కులోనూ ఉండాలి, మీ మెయిల్‌కి కూడా ఒకటి పంపుకోండి. దాని పక్కనే చిన్న టెక్స్ట్ ఫైల్లో ఏ కార్డు మీద, ఏ తేదీన ఈ హ్యాష్ తీశారో ఒక లైను రాసి పెట్టండి.