రక్తకణాల యంత్రం, 3వ పాఠం: ప్లేట్‌లెట్లు ఎక్కడ తప్పిపోతాయి?

ఉప్పుద్రావణం కలిపి రక్తాన్ని సుమారు యాభై వేల రెట్లు పలుచన చేయడం గత పాఠంలో చూశాం. ఆ పలుచటి ద్రావణం ఇప్పుడు సన్నటి రంధ్రం గుండా వెళ్తుంది. రంధ్రానికి రెండు వైపులా ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుంది, కణం గుండా దాదాపు పారదు. అందుకే కణం రంధ్రంలోకి వచ్చిన క్షణంలో నిరోధం పెరిగి ఒక పల్స్ పుడుతుంది. పల్సుల సంఖ్య కణాల సంఖ్య, పల్స్ ఎత్తు కణం పరిమాణం. వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంట్ పొందిన పద్ధతి ఇదే.

ఇక్కడ ఒక విషయం బాగా పట్టుకోవాలి. యంత్రానికి కణం కనిపించదు, అది ఎంత అడ్డు వచ్చిందో మాత్రమే తెలుస్తుంది. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు ఒకే రంధ్రం గుండా పోతాయి. సుమారు 2 నుంచి 20 ఫెమ్టోలీటర్ల మధ్య ఉన్నదాన్ని ప్లేట్‌లెట్ అనీ, 36 దాటినదాన్ని ఎర్రకణం అనీ చాలా యంత్రాలు లెక్క వేసుకుంటాయి. మామూలు ప్లేట్‌లెట్ 9 ఫెమ్టోలీటర్లు అనుకోండి. పది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని కలిసి వస్తే 90. అది అచ్చంగా ఎర్రకణం సైజు! లెక్కలో పది ప్లేట్‌లెట్లు పోయి ఒక ఎర్రకణం చేరింది. మైక్రోలీటరుకు యాభై లక్షల ఎర్రకణాల్లో ఈ కొత్తవి ఎవరికీ తెలియవు. ప్లేట్‌లెట్ల కౌంట్ మాత్రం కుప్పకూలుతుంది.

మా ల్యాబ్‌లో జరిగింది చెప్తాను. ఆపరేషన్‌కు ముందు సీబీసీ కోసం ఒకావిడ వచ్చారు. జ్వరం లేదు, ఒంటి మీద మచ్చలు లేవు, చిగుళ్ల నుంచి రక్తం లేదు. ప్లేట్‌లెట్లు 38,000 అని వచ్చింది. తెల్లకణాలు 11,400. రిపోర్టు అలాగే పంపితే ఆపరేషన్ ఆగిపోతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ముందు పుల్లతో ట్యూబ్‌లో గడ్డ ఉందేమో చూశాను, లేదు. తర్వాత తెల్లకణాల స్కాటర్‌గ్రామ్ తెరిచాను.

తెల్లకణాలను లెక్కించే దారి వేరు. ఎర్రకణాలను కరిగించే ద్రవం కలిపాక, మిగిలిన కణాలు చుట్టూ పారే ద్రవం మధ్యలో ఒకదాని వెనక ఒకటిగా లేజర్ కాంతిని దాటుతాయి. ముందు వైపుకు చెదిరే కాంతి ముఖ్యంగా కణం పరిమాణాన్ని చెబుతుంది. పక్కకు చెదిరే కాంతి లోపలి గుళికల సంగతి చెబుతుంది. గుళికలు నిండిన న్యూట్రోఫిల్ పక్కకు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది, లింఫోసైట్ తక్కువ. అందుకే పటం మీద అవి వేర్వేరు గుంపులుగా పడతాయి. కరిగిన ఎర్రకణాల తునకలు, విడి ప్లేట్‌లెట్లు అడుగున ఎడమ మూలలో ఉండాలి. ఆవిడ పటంలో ఆ మూల నుంచి లింఫోసైట్ల గుంపు దాకా చుక్కలు తోకలా పైకి పాకాయి. ప్లేట్‌లెట్లు గుంపు కట్టినట్టు అనుమానించడానికి ఆ తోక చాలు. తెల్లకణాలు ఎందుకు ఎక్కువ వచ్చాయో కూడా అక్కడే అర్థమైంది.

స్మియర్ వేసి, ముందు దాని పలుచటి అంచు చూశాను. చూడాల్సింది అక్కడే, ఎందుకంటే గుంపులు స్మియర్ చివరికి కొట్టుకుపోతాయి. మధ్యభాగమే చూసి ‘ప్లేట్‌లెట్లు తక్కువే’ అని రాసేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అంచులో పెద్ద పెద్ద ముద్దలు కనిపించాయి. ఊదా మూత ట్యూబ్‌లో ఉండే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు ఇలా అతుక్కుంటాయి. అది ట్యూబ్‌లో జరిగే పనే, ఒంట్లో ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉంటాయి.

మళ్లీ రక్తం తీసి నీలి మూత ఉన్న సిట్రేట్ ట్యూబ్‌లో పోసి, ఆలస్యం చేయకుండా యంత్రంలో పెట్టాం. ప్లేట్‌లెట్లు 1,82,000 వచ్చాయి. ఈ ట్యూబ్‌లో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు ద్రవం ముందే ఉంటుంది, కాబట్టి 1.1తో గుణించాలి. వచ్చింది సుమారు 2,00,000. తెల్లకణాలు 8,000 వస్తే, గుణించాక 8,800. అంటే మొదటి లెక్కలో దాదాపు 2,600 ‘తెల్లకణాలు’ ముద్దలే.

కొందరికి సిట్రేట్‌లో కూడా గుంపు కడతాయి. కాబట్టి రెండో ట్యూబ్‌కీ స్మియర్ వేయండి. అందులోనూ ముద్దలుంటే అంకె రాయకండి, ‘ప్లేట్‌లెట్లు గుంపులుగా ఉన్నాయి, కౌంట్ నమ్మదగినది కాదు’ అని రాయండి. డెంగీ రోజుల్లో ఈ ఒక్క వాక్యం రాయకపోతే అవసరం లేని ప్లేట్‌లెట్లు ఎక్కించే ప్రమాదం ఉంది.

వచ్చే పాఠానికి అభ్యాసం: ఒకరి ఎర్రకణాల సగటు పరిమాణం 62 ఫెమ్టోలీటర్లు, ప్లేట్‌లెట్లు 6,10,000. ప్లేట్‌లెట్ల హిస్టోగ్రామ్ గీత కుడి చివర నేలకు దిగకుండా పైనే ఉండిపోయింది. ఈసారి ఎవరు ఎవరి లెక్కలోకి చొరబడ్డారో, స్మియర్‌లో ఏం వెతుకుతారో రాసుకుని ఉంచండి.