అద్దంతో కాంతి పాఠాలు – 4: నిలువెత్తు రూపానికి ఎంత అద్దం కావాలి?

వస్తువు సమతల దర్పణానికి ఎంత ముందు ఉంటే, ప్రతిబింబం అంతే వెనక ఉన్నట్టు కనిపిస్తుందని గత పాఠంలో చూశాం. ఆ ఒక్క నియమంతోనే ఈసారి ఒక లెక్క తేల్చుదాం. తల నుంచి పాదాల దాకా కనిపించాలంటే గోడకు తగిలించే అద్దం కనీసం ఎంత ఎత్తుండాలి? ‘కాస్త వెనక్కి జరిగితే చిన్న అద్దమైనా సరిపోతుంది’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల మాట సంగతీ చూద్దాం.

కాగితం మీద నిలువుగా ఒక గీత గీయండి. అది అద్దం. ఎడమవైపు మనిషిని గీయండి. ఎత్తు 160 సెంటీమీటర్లు, కళ్లు నడినెత్తికి 10 సెంటీమీటర్లు కింద, అంటే నేల నుంచి 150 దగ్గర ఉన్నాయనుకుందాం. మనిషి అద్దానికి ఒక మీటరు ముందు నిలబడితే, ప్రతిబింబాన్ని గీతకు కుడివైపు ఒక మీటరు దూరంలో గీయాలి.

ఇప్పుడు కంటి నుంచి ప్రతిబింబం పాదానికి ఒక సరళరేఖ గీయండి. కన్ను, ప్రతిబింబం రెండూ అద్దానికి సమాన దూరంలో ఉన్నాయి కాబట్టి ఆ రేఖ తన మధ్య బిందువు దగ్గరే అద్దాన్ని దాటుతుంది. రేఖకు ఒక కొస 150 ఎత్తున, రెండో కొస నేల మీద ఉంది. మధ్య బిందువు 75. నడినెత్తికి గీసే రేఖ కూడా అంతే: 150కి, 160కి మధ్యన, 155 దగ్గర దాటుతుంది. అంటే అద్దం 75 నుంచి 155 దాకా ఉంటే చాలు. మొత్తం 80 సెంటీమీటర్లు, మనిషి ఎత్తులో సరిగ్గా సగం.

ఈ లెక్కలో మీటరు అన్న అంకె ఎక్కడా వాడలేదని గమనించారా? మూడు మీటర్ల దూరంలో నిలబెట్టి గీసినా మధ్య బిందువులు మళ్లీ 75, 155 దగ్గరే పడతాయి. వెనక్కి జరిగితే ప్రతిబింబం చిన్నదిగా కనిపించే మాట నిజమే. కానీ అద్దం కూడా అదే నిష్పత్తిలో చిన్నదవుతుంది. మీ కంటికి ప్రతిబింబం ఎప్పుడూ అద్దం కన్నా రెట్టింపు దూరంలో ఉంటుంది కాబట్టి, సగం ఎత్తున్న అద్దం దానికి ఎక్కడి నుంచి చూసినా సరిగ్గా సరిపోతుంది.

ఎత్తు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు, తగిలించే చోటు కూడా కుదరాలి. అదే 80 సెంటీమీటర్ల అద్దాన్ని 15 సెంటీమీటర్లు పైకి తగిలించారనుకోండి. కింది అంచు 90కి చేరుతుంది, పాదాల నుంచి పైకి 30 సెంటీమీటర్ల మేర కనిపించదు. అంచు జరిగినదానికి రెట్టింపు దాగిపోయిందన్నమాట. పైన మిగిలిన అద్దంలో తల మీది ఖాళీ గోడే కనిపిస్తుంది.

ఇక వెనక్కి జరగమనేవాళ్ల సంగతి. మనం గీసిన మనిషికి మందం లేదు, కన్నూ కాలి వేళ్లూ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. నిజానికి కాలి వేళ్లు కంటి కన్నా కాస్త ముందుకు, అద్దానికి దగ్గరగా ఉంటాయి. ఆ తేడా 15 సెంటీమీటర్లు అనుకుందాం. కన్ను అద్దానికి 60 దూరంలో ఉంటే వేళ్లు 45 దూరంలో ఉంటాయి. రేఖ ఇక మధ్యలో దాటదు, 45:60 నిష్పత్తిలో దాటుతుంది. సరూప త్రిభుజాలతో లెక్కిస్తే ఆ చోటు 150 × 45 ÷ 105, అంటే సుమారు 64. మూడు మీటర్ల దూరం నుంచైతే అదే 73 అవుతుంది. దగ్గరగా నిలబడితే కాలి కొసలు అంచు కింద దాక్కుని, వెనక్కి జరిగితే బయటపడేది ఇందుకే. వాళ్లు చూసింది నిజమే, కాకపోతే ఆ లాభం ఈ కొద్ది సెంటీమీటర్లకే పరిమితం. మోకాళ్ల దాకా కత్తిరించే అద్దం ఎంత వెనక్కి నడిచినా పాదాలను చూపదు. కొనేటప్పుడు మాత్రం కింద ఓ పది సెంటీమీటర్లు అదనంగా ఉండేలా చూసుకోవడం మంచిది.

అద్దాన్ని నేల మీద పెట్టి గోడకు వాల్చితే ఈ సగం లెక్క పనిచేయదు. ఏటవాలు అద్దంలో ప్రతిబింబం కూడా వాలుతుంది, అప్పుడు దూరం నిజంగానే లెక్కలోకి వస్తుంది.

చేసి చూడాలంటే తోడుగా ఒకరు కావాలి. నిటారుగా నిలబడి ఒక కన్ను మూసుకోండి. మీ నడినెత్తి, మడమలు అద్దంలో ఎక్కడ కనిపిస్తున్నాయో చెబుతుంటే, పక్కవారు ఆ చోట్ల సబ్బు ముక్కతో గీతలు పెట్టాలి. మీరే వంగి గీస్తే కన్ను కిందికి దిగి గీత తప్పుతుంది. రెండు గీతల మధ్య దూరం కొలిచి, మీ ఎత్తులో సగంతో పోల్చండి.

అభ్యాసం: 180 సెంటీమీటర్ల పెద్దవారు (కళ్లు 170 దగ్గర), 110 సెంటీమీటర్ల పిల్లవాడు (కళ్లు 100 దగ్గర) ఒకే అద్దంలో ఎవరికి వారు పూర్తిగా కనిపించాలి. పాదాల మందం సంగతి వదిలేసి, అద్దం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండాలో కనుక్కోండి. జవాబు 125 సెంటీమీటర్లు రాకపోతే పిల్లవాడి కింది అంచును మరోసారి చూడండి. వచ్చే పాఠంలో రెండు అద్దాలను మూలగా కలుపుదాం.